నెలా? నేలా? తాటాకు ప్రతికి నకలు రాసిన నా అనుభవం

డీఎస్సీ నోటిఫికేషన్ ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అంటున్న రోజుల్లో నాకు ఈ పని దొరికింది. ఎం.ఏ.లో మాకు ఛందస్సు చెప్పి, రిటైరై విజయనగరంలోనే ఉంటున్న మాస్టారు ఒకరోజు ఫోన్ చేశారు. "తాటాకుల మీద ఉన్నది కాగితం మీదకి ఎక్కించాలి, చేస్తావా తల్లీ? డబ్బులు పెద్దగా రావు. కళ్ళు మాత్రం పోతాయి" అన్నారు. కళ్ళ సంగతి తర్వాత చూసుకుందాంలే అని ఒప్పుకున్నాను.

ఆకులు ఉన్నది నాగావళి ఒడ్డున ఒక పల్లెలో. విజయనగరంలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాలి. ఆ ఇంట్లో ఇప్పుడు ఒక పెద్దావిడ, కొడుకు, కోడలు ఉంటారు. పెద్దావిడ మామగారి తండ్రి వైద్యం చేసేవారట. ఆయన కట్ట అటక మీద పాత చీర ముక్కలో చుట్టి ఉంది. పుస్తకం ఇల్లు దాటకూడదని వాళ్ళ షరతు. కాబట్టి నేనే అక్కడికి వెళ్ళి, వీధి అరుగు మీద చాప వేసుకుని కూర్చుని రాసేదాన్ని.

కట్ట గురించి కొంచెం చెప్పాలి. ఆకు జానెడున్నర పైన పొడవు, వెడల్పు రెండు వేళ్ళకి కాస్త ఎక్కువ. పైనా కిందా చెక్క పలకలు, ఆకులకి బెజ్జాలు, వాటిలోంచి తాడు. ఎడమ అంచున తెలుగు అంకెల్లో ఆకు సంఖ్య. ప్రతి పక్కా ఆరు పంక్తులు. తాటాకు మీద రాయడమంటే గంటంతో గీయడమే. గీసిన తర్వాత మసి పూసి తుడిచేస్తే గీతల్లో మసి నిలిచి అక్షరం నల్లగా కనిపిస్తుంది. ఈ కట్టలో చాలా ఆకులకి ఆ మసి పోయింది. మళ్ళీ మసి పూస్తే బాగా కనిపిస్తుంది కానీ, సొంతదారులు ఒప్పుకోలేదు, మాస్టారు అసలే వద్దన్నారు. అందుకని ఫోన్ టార్చి ఆకుకి దాదాపు ఆనించి, పక్కవాటుగా వెలుగు పడేలా పెట్టేదాన్ని. గీతలో నీడ పడి అక్షరం తేలుతుంది. నిటారుగా పైనుంచి వేస్తే ఏమీ కనపడదు.

చదవడం మొదట్లో నరకం. పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. పద్యపాదం ఎక్కడ ముగిసిందో పంక్తిని చూస్తే తెలియదు, ఆకు అంచు రాగానే పంక్తి ఆగుతుంది, అంతే. ధర్మము అన్నదాన్ని ధ, మ రాసి పక్కన తొమ్మిది అంకె లాంటి వలపలగిలక పెడతారు. కొన్నిచోట్ల దకీ ధకీ తేడా చూపించే చిన్న గీత ఉండదు. అమ్మ అన్నది అంమ అని ఉంటుంది. ఇవన్నీ వారం పది రోజుల్లో అలవాటైపోయాయి. అలవాటు కానిది ఒక్కటే: ఎత్వం.

చాలా తాటాకు ప్రతుల్లో ఎకీ ఏకీ, ఒకీ ఓకీ వేరే గుర్తులు లేవు. కోడి అన్నా కొడి అన్నా ఒకే రాత. మనం ఇప్పుడు పెడుతున్న తేడా అచ్చు పుస్తకాల కాలంలో స్థిరపడింది. చదువుతున్న మనిషి తెలుగువాడైతే ఏది హ్రస్వమో ఏది దీర్ఘమో వాడికే తెలుస్తుందని వాళ్ళ ధీమా. నిజంగానే నూటికి తొంభై తొమ్మిది చోట్ల తెలుస్తుంది. 'తెనెతొ' అని ఉంటే తేనెతో అనుకోవడానికి ఎవరికీ ఇబ్బంది లేదు. అర్థానికి అందకపోతే ఛందస్సు ఉంది. ఈ పుస్తకం ద్విపద. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో యతి కలవాలి. గురువు ఉండాల్సిన చోట లఘువు పడితే లెక్క తప్పుతుంది కాబట్టి ఎక్కడ దీర్ఘమో పాదమే చెప్పేస్తుంది.

పధ్నాలుగో ఆకు వరకూ చెప్పింది కూడా.

ఆ ఆకు మొదటి పక్క నాలుగో పంక్తిలో ఆసవం తయారీ ఉంది. రసంలో బెల్లం, ఆరెపువ్వు వేసి, నెయ్యి పూసిన కుండలో పోసి, మూతకి గుడ్డ చుట్టి మన్ను మెత్తి పులియబెట్టడం. కుండ లోపల నెయ్యి పూసేది మట్టిలోంచి రసం బయటికి ఊరిపోకుండా. అక్కడ నాకు కనిపించింది ఇది:

నెయ్యిపూసినకుండనెల, తర్వాత పురుగు తిన్న కంత, ఆ తర్వాత ఒక కొమ్ము తోక, సున్న, చి.

కొమ్ము అంటే ఉకారం గుర్తు. అంటే చివర 'ఉంచి' ఉందన్నది ఖాయం. దాని ముందున్నదే తెలియదు. కుండని నేలలో ఉంచాలా, నెలరోజులు ఉంచాలా?

మామూలుగా అయితే గణాలు కడితే తేలిపోవాలి. కట్టాను. 'నెయ్యిపూ' రగణం, 'సినకుండ' సలం, చివర గురులఘువులతో హగణం. మిగిలింది మూడో గణం. 'నేలలో' అయితే గురువు, లఘువు, గురువు, రగణం, చక్కగా సరిపోతుంది: నెయ్యి పూసిన కుండ నేలలో నుంచి. 'నెలలో' అయితే సగణం అవుతుంది, అది ఇంద్రగణాల్లో లేదు. కాబట్టి నెలలో కుదరదు. హమ్మయ్య అనుకుని 'నేలలో' రాయబోతుంటే చెయ్యి ఆగింది. కంతలో ఉన్నది 'లో' అని నేనే కదా అనుకుంటున్నాను? 'నెల వఱ కుంచి' అయితే? నెలవఱ నాలుగు లఘువులు, నలం. కుంచి హగణం. అదీ సరిపోయింది. యతి చూద్దామంటే మొదటి అక్షరం నె. నెకి నె అయినా నే అయినా యతి కుదురుతుంది. ఛందస్సు రెండు వైపులా తల ఊపింది.

మధ్యాహ్నం పెద్దావిడ మజ్జిగ పట్టుకొచ్చి, "ఏటమ్మా, పొద్దుటి నుంచీ ఒక్క ఆకే పట్టుకు కూకున్నావు?" అంది. చెప్పాను. ఆవిడ నవ్వేసింది. "నేలలో పాతిపెడితే నెల్లాళ్ళు ఉంచరేటి? రెండూ ఒకటే కదేటి!" అంది. నిజానికి ఆయుర్వేద పద్ధతి అదే. ఆసవారిష్టాల కుండని నేలలో పాతి పెట్టడమో, ధాన్యరాశిలో పెట్టడమో, మాసం పాటు ఉంచడమో శాస్త్రంలో అంతటా ఉన్నదే. మీ ఇంట్లో ఎలా చేసేవారని అడిగాను. "మా అత్తగారు చెప్పీవోరు, చలికాలంలో గాదెలో ధాన్యంలో పెట్టీవోరంట, మిగతా రోజుల్లో పెరట్లో గొయ్యి తవ్వీసి పాతీవోరంట" అంది. ఆవిడ చెప్పినది వింటే ముచ్చటేసింది గానీ నాకు పనికొచ్చింది ఏమీ లేదు. పని జరిగే తీరులో రెండూ ఉన్నాయి, పాదంలో ఉన్నది ఏదో ఒకటే.

సాయంత్రం మాస్టారికి ఫోన్ చేసి అసలు సంగతి అడిగాను: "రెండింట్లో ఏదైనా వైద్యం మారదు కదండీ, ఏదో ఒకటి రాసెయ్యనా?"

"ఆకు మీద ఉన్నది రాయి" అన్నారు.

"అదే రాయలేకపోతున్నానండీ. ఆకు మీద ఉన్నది నె అనీ కాదు, నే అనీ కాదు. మన లిపిలో అలాంటి అక్షరం లేదు."

కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "ఊఁ, అదీ ఇబ్బందే" అన్నారు.

ఇక్కడే నాకు పాత లేఖకుల మీద అసూయ కలిగింది. ఈ కట్ట చివరి ఆకు మీద, చాలా ప్రతుల చివర ఉండే శ్లోకమే ఉంది: యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా. పుస్తకం ఎలా ఉంటే అలాగే రాశాను, తప్పో ఒప్పో నా దోషం కాదు అని. దాని కింద సంవత్సరం పేరు ఉంది గానీ శకం లేదు, అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే పేరు అది, తేదీ కట్టడానికి కొరగాదు. ఆ మాట అలా ఉంచితే, ఆ లేఖకుడు ఆ శ్లోకం ధైర్యంగా రాసుకోగలిగాడు. మూలంలో ఎత్వం ఉంటే తనూ ఎత్వం గీశాడు, నెలో నేలో తేల్చే పని చదివేవాడికి వదిలేశాడు. నాకు ఆ వెసులుబాటు లేదు. నేను 'నె' అని రాస్తే ఇవాళ చదివేవాళ్ళు హ్రస్వం అనుకుంటారు, 'నే' అని రాస్తే దీర్ఘం అనుకుంటారు. ఏమీ తేల్చకుండా ఒక్క అక్షరం కూడా రాయలేను. తెనె, కొడి లాంటివి దిద్దినప్పుడల్లా నేను చేస్తున్నది అదేనని, కంత వచ్చి అడ్డుపడేదాకా నాకు తట్టలేదు.

మాస్టారు ఆదివారం తనే వచ్చారు, భూతద్దం, స్కేలు, ట్రేసింగ్ కాగితం సంచిలో వేసుకుని. ముందు కంత సంగతి చూద్దామన్నారు. పురుగు కట్టని అడ్డంగా తొలుచుకుపోతుంది కాబట్టి పదమూడో ఆకులోనూ పదిహేనో ఆకులోనూ అదే చోట కంతలున్నాయి, కాస్త చిన్నవి. దాన్నిబట్టి పధ్నాలుగులోది తర్వాత చిరిగి పెద్దదైనది కాదు, పురుగు తిన్నంతే అని తెలిసింది. అంచులు నున్నగా ఉన్నాయి.

అప్పుడాయన ఆకు తిప్పమన్నారు. ఒక పక్క కంత ఉంటే రెండో పక్కా అంతే కంత ఉంటుంది. అక్కడ పోయిన అక్షరాలేవో మనకి తెలిస్తే, కంతలో ఎన్ని అక్షరాలు పడతాయో లెక్క తెలుస్తుంది. ఇంత తేలిక ఉపాయం నాకు చదువులో ఎవరూ చెప్పలేదు. వెనక పక్క అదృష్టం కొద్దీ త్రికటుకాలు ఉన్నాయి: మిరియాలుపి, కంత, లైనశొంఠి. శొంఠి, పిప్పలి, మిరియాలు ఎప్పుడూ కలిసే వస్తాయి కాబట్టి పిప్పలి ఖాయం. మూడో గణం మొదట్లో మికి యతి కుదిరే అక్షరం కావాలి, ఆపైన 'లైన' మిగిలింది: మేలైన. మిరియాలు పిప్పలి మేలైన శొంఠి. అనుమానానికి తావే లేదు.

అంటే వెనక పక్క పోయినవి ప్ప, లి, మె. కానీ ప్ప పూర్తిగా పోలేదు. టార్చి పక్కనుంచి పెట్టి చూస్తే దాని ఎడమ గీత, కింద ఒత్తు తోక మిగిలే ఉన్నాయి. లెక్కకి రెండున్నర అక్షరాలు. ఇటు పక్క 'లోను' అయితే కొమ్ము తోక మిగిలింది కాబట్టి పోయింది రెండుకి కాస్త తక్కువ. 'వఱకు' అయితే మూడుకి కాస్త తక్కువ. మా కంత సరిగ్గా ఆ రెంటి మధ్యలో కూర్చుంది.

మాస్టారు ట్రేసింగ్ కాగితం మీద ఈ లేఖకుడి లో, ను, వ, ఱ, కు అన్నీ వేరే ఆకుల నుంచి ఎత్తి, కంత మీద పెట్టి చూశారు. ఇతని వ సన్నం. ఱ వెడల్పు. లో మరీ వెడల్పు, పక్క అక్షరాన్ని తోసేస్తూ రాస్తాడు. 'లోను' కొంచెం వదులుగా పట్టింది, 'వఱకు' కొంచెం ఇరుకుగా పట్టింది. పంక్తి చివరికొస్తే అక్షరాలు ఇరికించడం ఇతనికి అలవాటే, కానీ ఇది పంక్తి మధ్య. "నేల వైపు మొగ్గుతోంది గానీ, దీన్ని పట్టుకుని రాయకూడదు" అన్నారాయన. ఇంకో చిన్న ఆశ ఉండేది. వకి నెత్తిన తలకట్టు ఉంటుంది, లో మీద ఓత్వం పైకి లేస్తుంది. కంత పై అంచున ఆ గీత కొసైనా మిగిలి ఉంటే తేలిపోయేది. ఎంత సేపు చూసినా ఆకు నారే గీతలా కనిపించింది తప్ప, గంటం గాటు ఏదీ దొరకలేదు. తాటాకు నార పొడవునా సాగుతుంది, ఇలాంటి చోట కంటిని మోసం చేసేది అదే. గంటం గాటుకి రెండు అంచులూ లేస్తాయి, నార గీతకి లేవవు.

"ఇంక వదిలెయ్యి. చోటు ఖాళీ వదిలి ముందుకి పో. పుస్తకం పూర్తిగా చదవకుండా ఒక్క పాదం తేల్చకూడదు" అన్నారు. టెన్షన్ పడే స్వభావం నాది, ఖాళీ వదలడమంటే ప్రాణం మీదకొస్తుంది. అయినా వదిలాను.

అప్పటి నుంచి నోటుపుస్తకంలో ఎడమ పేజీ, కుడి పేజీ వేరు చేశాను. ఎడమ పేజీలో ఆకు మీద ఉన్నది ఉన్నట్టు: ఎత్వాలన్నీ హ్రస్వంగానే, వలపలగిలకతో సహా, పదాలు విడదీయకుండా. పుస్తకం మొదట్లోనే ఒక మాట రాసిపెట్టాను, ఎడమ పేజీల్లో ఎత్వం ఒత్వం కనిపిస్తే హ్రస్వమని కాదు, మూలంలో తేడా లేదని అర్థం అని. కుడి పేజీలో పాదాలు విడదీసి, దీర్ఘాలు పెట్టిన సాఫీ ప్రతి. అంతకు ముందు రాసిన ఆకులన్నీ ఈ పద్ధతిలోకి మళ్ళీ రాయాల్సి వచ్చింది. కానీ నా ఊహ ఎంతో, ఆకు ఎంతో ఇప్పుడు ఎవరైనా పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

వానలు పడ్డాయి. తేమకి ఆకులు మెత్తబడి వంకర తిరుగుతున్నాయని కొన్నాళ్ళు కట్ట విప్పలేదు. మళ్ళీ మొదలుపెట్టాక ఇరవై మూడో ఆకులో ఇంకో ఆసవం వచ్చింది. ఆకు శుభ్రంగా ఉంది, ఒక్క పురుగు కాటు లేదు. అందులో ఈ పాదం:

మందును మును వోలె మంటిలో నుంచి

మును వోలె, అంటే ముందు చెప్పినట్టే. మంటిలో, అంటే మట్టిలో. ముందు చెప్పిన ఆసవం పుస్తకం మొత్తంలో పధ్నాలుగో ఆకుదొక్కటే. పైగా 'లో నుంచి' అన్న ముగింపు అచ్చంగా నేను ఖాళీ వదిలిన చోట పట్టేదే. అరుగు మీద ఒక్కదాన్నే కూర్చుని "నేలే!" అని అరిచాను. లోపల్నుంచి కోడలు ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది.

మాస్టారు ఫోన్లో పాదం రెండుసార్లు చదివించుకున్నారు. సంతోషించారు గానీ వెంటనే ఒప్పుకోలేదు. 'మును వోలె' దేనికి తగులుతుంది? ముందులాగే మట్టిలో ఉంచమనా, లేక ముందులాగే నెయ్యి పూసి, మూత మెత్తి, ఈసారి మాత్రం మట్టిలో ఉంచమనా? రెండోది అయితే పధ్నాలుగో ఆకులో నెల ఉండొచ్చు. నాకు అది మరీ లాగి చెప్పినట్టు అనిపించింది. ముందు పద్ధతి వేరే అయితే కవి ఆ తేడా చెప్పేవాడు, 'మును వోలె' అనేవాడు కాదు. ఆ మాటే గట్టిగా అన్నాను. "నీ వాదన బలమైనదే, కానీ అది వాదన, ఆకు కాదు" అన్నారు. నేను తగ్గలేదు, ఆయనా తగ్గలేదు. చివరికి ఇద్దరికీ సమ్మతమైన రూపం ఇలా తేలింది. ఎడమ పేజీలో కంతకి చుక్కలు. కుడి పేజీలో:

నెయ్యి పూసిన కుండ నేల[లో ను]ంచి

చదరపు కుండలీకరణంలో ఉన్నది మేం పూరించినది. దాని కింద నోట్: "ఆకు 14, మొదటి పక్క, పంక్తి 4. రెండున్నర అక్షరాల మేర పురుగు తిన్నది. మూలంలో ఎత్వానికి హ్రస్వదీర్ఘ భేదం లేదు. 'నెల వఱకుంచి' అని కూడా పూరించవచ్చు, గణ యతులు రెంటికీ సరిపోతాయి. ఆకు 23లోని 'మును వోలె మంటిలో నుంచి'ని బట్టి నేలలో అన్న పాఠం గ్రహించడమైనది." ఆ చివరి వాక్యంలో మాస్టారు 'గ్రహించడమైనది' ముందు 'ప్రస్తుతానికి' అని తన చేత్తో చేర్చారు. నేను కొట్టెయ్యలేదు.